ముఖం మార్చిన ఫొటో నమ్మేలా ఉందా? చూపరులను అడిగే మూడు పద్ధతుల్లో ఏది ఎంచుకోవాలి

ఒకరి ఫొటోలో మరొకరి ముఖాన్ని అమర్చే ప్రోగ్రాం రాసిన విద్యార్థికి ప్రాజెక్టు చివర్లో ఒక చిక్కు ఎదురవుతుంది. ఫలితాలు సహజంగానే ఉన్నాయని తనకు అనిపిస్తుంది. దాన్ని రుజువు చేయమని గైడు అడుగుతారు. పిక్సెళ్లను పోల్చే మామూలు కొలతలు ఇక్కడ పనికిరావు. ముఖం మార్చాక చిత్రం ఎలా ఉండాలో చూపే ‘సరైన జవాబు’ చిత్రం అసలు ఉండదు కాబట్టి దేనితో పోల్చాలన్న ప్రశ్న వస్తుంది. చివరికి మనుషులకు చూపించి ‘ఇది అసలా, నకిలీయా’ అని అడగడమే దారి.

అడగడం తేలికే, ఎలా అడగాలన్నదే చిక్కు. ఒక్కో ఫొటో చూపి అసలో నకిలీయో చెప్పమనవచ్చు. రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి నకిలీని పట్టుకోమనవచ్చు. ఎంత సహజంగా ఉందో ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేయమనవచ్చు. ఈ మూడూ ఒకే విషయాన్ని కొలుస్తాయని చాలామంది అనుకుంటారు, కానీ కొలవవు.

ఉదాహరణగా ఒక చిన్న అధ్యయనం తీసుకుందాం. చూపరులు 24 మంది. దృశ్యాలు 40, అంటే 40 వేర్వేరు ఫొటోలు. పోల్చాల్సిన ప్రోగ్రాములు రెండు. మొదటిది పాత తరహాది: ముఖం మీద 68 బిందువులను గుర్తించి, ముఖాన్ని త్రిభుజాలుగా విడదీసి సాగదీసి, OpenCV లోని `seamlessClone` తో అంచులు కలిపేస్తుంది. రెండోది న్యూరల్ నెట్‌వర్క్‌తో ముఖాన్ని కొత్తగా గీస్తుంది. వీటిని ‘పాతది’, ‘కొత్తది’ అందాం. డబ్బు లేదు, సమయం రెండు మూడు వారాలే అనుకుందాం.

## ముందు తేల్చుకోవాల్సినవి

మొదట, మీ ప్రశ్న ఏమిటి? ‘ఇది చూసి జనం అసలు ఫొటో అనుకుంటారా’ అన్నది ఒక ప్రశ్న. ‘పాతదాని కంటే కొత్తది మెరుగా’ అన్నది వేరే ప్రశ్న. కొత్తది ఎంతో మెరుగై ఉండి కూడా ఎవరినీ నమ్మించలేకపోవచ్చు. రెండూ నమ్మించగలిగి, వాటి మధ్య తేడా లేకపోనూవచ్చు.

రెండోది చూపరి మొగ్గు. కొందరు అనుమానప్పక్షులు, ప్రతి ఫొటోనూ నకిలీ అంటారు. కొందరు దేన్నైనా నమ్మేస్తారు. ఈ స్వభావం మీ ప్రోగ్రాం గుణం కాదు. ఎంచుకున్న పద్ధతి దాన్ని లెక్కలోంచి తీసేయగలగాలి.

మూడోది, ఒక్కో చూపరి నుంచి ఎన్ని తీర్పులు రాబట్టగలరన్నది. స్నేహం కొద్దీ వచ్చినవాళ్లు పది పదిహేను నిమిషాలు ఓపిగ్గా చూస్తారు. ఆ తర్వాత వేళ్లు నొక్కుతుంటాయి గానీ కళ్లు చూడవు.

నాలుగోది, ఎక్కువమంది పట్టించుకోనిది, దొంగదారులు. చూపరి ముఖాన్ని చూడకుండానే జవాబు కనిపెట్టగల ఆనవాలు ఏదైనా చిత్రంలోనో తెర మీదో ఉంటే, మీరు కొలిచేది సహజత్వాన్ని కాదు, ఆ ఆనవాలును.

## ఒక్కో ఫొటో, ఒక్కో తీర్పు

ఇది అన్నిటికంటే సూటి పద్ధతి. జనం ఫోనులో ఫొటోలు చూసే తీరుకు దగ్గరిది కూడా. అక్కడ పక్కన అసలు ఫొటో పెట్టి ఎవరూ చూపించరు.

దీనిలో పెద్ద ప్రమాదం, ఒకే సంఖ్యను పట్టుకుని సంబరపడటం. మార్చిన ఫొటోలే చూపించి, ‘45 శాతం మంది అసలివి అనుకున్నారు’ అని రాసేవాళ్లున్నారు. అసలు ఫొటోలను ఎంతమంది అసలివన్నారో తెలియకుండా ఆ 45కి అర్థం లేదు. 2008లో కొలంబియా విశ్వవిద్యాలయ బృందం ఫొటోల్లో ముఖాలను ఆటోమేటిక్‌గా మార్చే పద్ధతి ప్రకటించినప్పుడు రెండు సంఖ్యలూ ఇచ్చింది. మార్చిన ఫొటోల్లో 58 శాతాన్ని చూపరులు అసలివే అనుకున్నారు. అసలు ఫొటోల్లోనూ 75 శాతాన్నే అసలివి అన్నారు. మొదటి సంఖ్య ఒక్కటే చదివితే సగానికి పైగా మోసపోయారనిపిస్తుంది. రెండోది పక్కన పెడితే, చూపరులు నిఖార్సైన ఫొటోలనూ నాలుగింట ఒకటి అనుమానించారనీ, అయినా మార్చినవాటిని అంతకంటే ఎక్కువగా అనుమానించారనీ తెలుస్తుంది. అంటే కొంత తేడా పసిగట్టారన్నమాట.

ఈ రెండు సంఖ్యలను కలిపి మొగ్గును వేరుచేసే లెక్క ఒకటి ఉంది. గ్రహణశక్తి పరిశోధనల్లో చాలాకాలంగా వాడుతున్నదే, దాన్ని d′ అని రాస్తారు, డీ ప్రైమ్ అని చదువుతారు.

```
d′ = z(నకిలీని నకిలీ అన్న వాటా) − z(అసలును నకిలీ అన్న వాటా)
```

ఇక్కడ z అంటే వాటాను ప్రామాణిక గంట ఆకారపు వంపు మీది స్థానంగా మార్చడం. ఏ స్ప్రెడ్‌షీట్‌లోనైనా `NORM.S.INV` ఆ పని చేస్తుంది. d′ సున్నా అయితే చూపరులకు తేడా తెలియలేదని అర్థం, పెరిగేకొద్దీ తేడా స్పష్టంగా తెలిసినట్టు.

మన ఉదాహరణలో ఇలా వచ్చిందనుకుందాం (సంఖ్యలు వివరణ కోసం వేసుకున్నవి). అసలు ఫొటోలను 30 శాతం సార్లు నకిలీ అన్నారు. పాతదాని ఫలితాలను 70 శాతం, కొత్తదాని ఫలితాలను 55 శాతం నకిలీ అన్నారు. లెక్క వేస్తే పాతదానికి d′ 1.05, కొత్తదానికి 0.65.

ఇదే అధ్యయనాన్ని మరో బృందంతో చేశారనుకోండి. మొదట్లో ఎవరో ‘జాగ్రత్త, చాలా నకిలీలున్నాయి’ అన్నారు. ఇప్పుడు వాళ్లు అసలు ఫొటోలనే 45 శాతం సార్లు నకిలీ అన్నారు, కొత్తదాని ఫలితాలను 70 శాతం నకిలీ అన్నారు. మోసపోయిన వాటా 45 నుంచి 30కి పడిపోయింది. ప్రోగ్రాం ఏమైనా చెడిందా? d′ మళ్లీ 0.65 వస్తుంది. మారింది చూపరుల అనుమానమే, చిత్రాలు కావు. ఒక్క మాటతో ఫలితం పదిహేను శాతం కదిలిపోగల పద్ధతిలో ‘ఇంత శాతం మోసపోయారు’ అన్న ఒంటరి సంఖ్యను నేనైతే నమ్మను.

ఈ పద్ధతికి ఇంకో లోపం ఉంది. ‘అసలు’, ‘నకిలీ’ అన్న రెండే జవాబులతో ఒక్కో తీర్పు నుంచి వచ్చే సమాచారం తక్కువ. సగం సగంగా అనిపించిన ఫొటో, చూడగానే దొరికిపోయిన ఫొటో రెండూ ఒకే గడిలో పడతాయి.

## జంటల్లోంచి ఎంచమనడం

తెర మీద రెండు ఫొటోలుంటాయి. ఒకటి నకిలీ, ఏది? తప్పనిసరిగా ఒకటి ఎంచాలి కాబట్టి అనుమానప్పక్షికీ, నమ్మేసేవాడికీ తేడా పోతుంది. మొగ్గు బెడద దాదాపు లేనట్టే. కుడివైపుదాన్నే నొక్కే అలవాటు లాంటివి మిగులుతాయి, ఎడమ కుడి స్థానాలను యాదృచ్ఛికంగా మారిస్తే అవీ సర్దుకుంటాయి. ఊరికే ఊహించినా సగం సరైపోతాయి కాబట్టి 50 శాతమే ఇక్కడ సున్నా గీత.

ఇక్కడి సరైన జవాబుల వాటాను, ఒక్కో ఫొటో పద్ధతిలోని వాటాతో నేరుగా పోల్చకూడదు. జంట చూసినప్పుడు ఆధారాలు రెండు ఉంటాయి. d′ 0.65 ఉన్న చిత్రాలనే జంటలుగా పెడితే దాదాపు 68 శాతం సరైన జవాబులు వస్తాయి. మార్చుకునే సూత్రం ఇది:

```
d′ = √2 × z(సరైన జవాబుల వాటా)
```

జంటలో ఏమి పెట్టాలన్నదే అసలు ప్రశ్న. ఒకే దృశ్యం అసలు రూపాన్నీ మార్చిన రూపాన్నీ పక్కపక్కన పెడితే అది తేడాలు పట్టే ఆటైపోతుంది. చెంప రంగు ఒకవైపు కాస్త పాలిపోయి ఉంటే కన్ను అక్కడికే వెళ్తుంది. ఒంటరిగా చూస్తే ఎవరికీ తట్టని లోపం కూడా దొరికిపోతుంది. మీ ప్రోగ్రాంకు ఇది అన్యాయం, ఎందుకంటే నిజజీవితంలో ఆ అసలు ఫొటో చూపరి దగ్గర ఉండదు. కాబట్టి అసలుకు, నకిలీకి జంట కట్టేటప్పుడు వేర్వేరు దృశ్యాలు వాడాలి.

పాతదాన్నీ కొత్తదాన్నీ పోల్చడానికి మాత్రం ఒకే దృశ్యం జంటే సరైనది. ఒకే ఫొటో మీద రెండు ప్రోగ్రాములు చేసిన పనిని పక్కపక్కన పెట్టి ‘ఏది అసలు ఫొటోలా ఉంది’ అని అడగాలి. దృశ్యం మారడం వల్ల వచ్చే హెచ్చుతగ్గులన్నీ పోతాయి. ప్రతి చూపరీ 40 జంటలూ చూస్తే 24 మంది నుంచి 960 తీర్పులు వస్తాయి, చిన్న తేడా కూడా బయటపడుతుంది. కొత్తదాన్ని 80 శాతం సార్లు ఎంచుకున్నా, దాన్ని ఎవరైనా నిజమైన ఫొటో అనుకుంటారో లేదో మాత్రం ఈ లెక్క చెప్పదు.

## మార్కులు వేయమనడం

‘ఈ ఫొటో ఎంత సహజంగా ఉంది? 1 నుంచి 5’. ప్రాజెక్టు రిపోర్టుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. ఉన్నది ఉన్నట్టు వాడితే మూడింటిలో బలహీనమైనదీ ఇదే అని నా అభిప్రాయం.

కారణం ప్రశ్నలోనే ఉంది. ‘సహజంగా’ అనగానే చాలామంది ఫొటో నాణ్యతకు మార్కులు వేస్తారు. ఫ్లాష్ పడి నుదురు మెరిసిన నిజమైన ఫొటోకు 3 వస్తుంది, స్టూడియో వెలుతురులో ముఖం మార్చిన ఫొటోకు 4 వస్తుంది. పైగా ఒకరి 4 మరొకరి 3. కొందరు 1ని, 5ని ముట్టుకోరు. కొత్తదానికి 3.9, పాతదానికి 3.6 అని రిపోర్టులో రాస్తే, అసలు ఫొటోలకు ఎంత వచ్చిందో చెప్పనంతవరకు చదివేవాడికి ఏమీ తెలియదు.

దీనికి చిన్న మార్పు చేస్తే మాత్రం ‘నమ్ముతారా’ అన్న ప్రశ్నకు మూడింటిలోకీ మెరుగైనది అవుతుంది. సహజత్వానికి మార్కులు వద్దు, తన తీర్పు మీద చూపరికి ఎంత నమ్మకముందో అడగాలి. నాలుగు బటన్లు చాలు: కచ్చితంగా నకిలీ, బహుశా నకిలీ, బహుశా అసలు, కచ్చితంగా అసలు. మధ్యస్థం ఉండకూడదు. ఉంటే బద్ధకం వేసినప్పుడల్లా వేలు అక్కడికే పోతుంది. మధ్యలో గీత గీసి రెండేసి బటన్లను కలిపితే మొదటి పద్ధతి డేటా, d′ వచ్చేస్తాయి. కలపకుండా వాడితే ఇంకో కొలత వస్తుంది: యాదృచ్ఛికంగా ఒక అసలు ఫొటో, ఒక నకిలీ ఫొటో తీస్తే, నకిలీకే ఎక్కువ అనుమానం పడే సంభావ్యత, రెండింటికీ సమానంగా పడిన జంటలను సగంగా లెక్కించి. దీన్ని ఆర్‌ఓసీ వంపు కింది వైశాల్యం అంటారు. 0.5 అంటే తేడా తెలియలేదు, 1 అంటే ప్రతిసారీ దొరికిపోయింది.

| | ఒక్కో ఫొటో, రెండు జవాబులు | జంటల్లోంచి ఎంపిక | 1–5 మార్కులు | నాలుగు బటన్ల నమ్మకం |
|---|---|---|---|---|
| ‘నమ్ముతారా’ అన్న ప్రశ్నకు | బాగా సరిపోతుంది | వేర్వేరు దృశ్యాలైతేనే | సరిపోదు | బాగా సరిపోతుంది |
| ‘రెండింటిలో ఏది మేలు’ అన్న ప్రశ్నకు | చూపరులు ఎక్కువ కావాలి | అన్నిటికంటే మేలు | పరవాలేదు | పరవాలేదు |
| చూపరి మొగ్గు | d′తో వేరుచేయాలి | దాదాపు ఉండదు | కలిసిపోతుంది | d′తో వేరుచేయవచ్చు |
| ఒక్కో తీర్పులో సమాచారం | తక్కువ | మధ్యస్థం | ఎక్కువే, కానీ మసక | ఎక్కువ |

## ఏ పద్ధతైనా ఫొటోల దగ్గరే ఫలితం తేలుతుంది

ఇంతసేపూ చెప్పిన లెక్కలన్నీ ఒక షరతు మీద ఆధారపడి ఉన్నాయి: అసలు ఫొటోలకూ మార్చిన ఫొటోలకూ ముఖం తప్ప వేరే తేడా ఉండకూడదు. చాలా అధ్యయనాలు ఇక్కడే దెబ్బతింటాయి.

ప్రోగ్రాం ఫొటోను 512 పిక్సెళ్లకు కుదించి, మళ్లీ జేపెగ్‌గా భద్రపరుస్తుంది. అసలు ఫొటోలు కెమెరా నుంచి వచ్చినట్టే ఉంటాయి. చూపరికి రెండు మూడు ఫొటోల్లోనే విషయం అర్థమైపోతుంది: పదునుగా ఉన్నది అసలు, మెత్తగా ఉన్నది నకిలీ. కుదింపు ప్రభావం ఎంతటిదో 2019 నాటి ఫేస్ ఫోరెన్సిక్స్ ప్లస్ ప్లస్ అధ్యయనం చూపింది. అందులో 204 మంది చూపరులు, ఎక్కువగా కంప్యూటర్ సైన్స్ విద్యార్థులు, వీడియోల నుంచి తీసిన చిత్రాలను అసలో నకిలీయో తేల్చారు. కుదించని చిత్రాల్లో దాదాపు 69 శాతం సరిగ్గా చెప్పినవాళ్లు, బాగా కుదించిన చిత్రాల్లో దాదాపు 59 శాతానికి పడిపోయారు. నకిలీ చేసే పద్ధతులు అవే, మారింది కుదింపు స్థాయే. రెండు రకాల ఫొటోలకు రెండు కుదింపులుంటే ఫలితం ఎటైనా వంగుతుంది.

కాబట్టి మొత్తం చిత్రానికి జరిగే ప్రతి పనీ, అంటే కత్తిరింపు, పరిమాణం, జేపెగ్ నాణ్యత, అసలు ఫొటోలకూ అలాగే జరగాలి. ఇక్కడ ఒక సందేహం వస్తుంది. న్యూరల్ నెట్‌వర్క్ ముఖాన్ని 128 పిక్సెళ్ల పరిమాణంలో గీసి పెద్దది చేస్తే ముఖం మాత్రమే మసకబారుతుంది. అసలు ఫొటోల్లోనూ ముఖాన్ని మసకబార్చాలా? అక్కర్లేదు. ముఖానికి, మెడకు మధ్య పదును తేడా ఆ ప్రోగ్రాం సొంత లోపం, అది దొరికిపోవాల్సిందే. చిత్రమంతటికీ జరిగినదాన్ని సమం చేయాలి, ముఖానికి మాత్రమే జరిగినదాన్ని వదిలేయాలి.

దొరికింది ఏమిటో విడదీయడానికి మంచి ఉపాయం ఒకటుంది. కొన్ని ఫొటోల్లో అదే మనిషి ముఖాన్ని, అతని వేరే ఫొటో నుంచి తీసి పెట్టండి. ముఖం మారలేదు, ప్రోగ్రాం మాత్రం పని చేసింది. వీటినీ చూపరులు మిగతా నకిలీల స్థాయిలోనే పట్టేస్తే, దొరికిపోతున్నది అతుకు, మసక, రంగు తేడా లాంటి ప్రోగ్రాం గుర్తులే. వీటిని వదిలేసి పరాయి ముఖాలనే పట్టుకుంటుంటే, సమస్య తల ఆకారానికీ ముఖానికీ, వయసుకీ మెడకీ పొంతన కుదరకపోవడంలో ఉంది. మొదటి జబ్బుకు ప్రోగ్రాం మార్చాలి, రెండోదానికి ముఖాల జత ఎంచే తీరు మార్చాలి.

సినిమా తారల ముఖాలు వాడొద్దు. చిరంజీవి ముఖం తెలియని తెలుగు చూపరి దొరకడం కష్టం. అలాంటప్పుడు చూపరి చిత్రాన్ని వదిలి తన జ్ఞాపకాన్ని బట్టి తీర్పు చెబుతాడు. సొంత తరగతి మిత్రుల ముఖాలకూ ఇదే వర్తిస్తుంది. ఇంకో ఊరి కాలేజీలో ఫొటోలు తీసుకుని, ఇక్కడి వాళ్లకు చూపించడం మేలు. ఫొటోలోని ప్రతి మనిషి నుంచీ, ముఖం ఇచ్చిన ప్రతి మనిషి నుంచీ ఈ వాడకానికి రాతపూర్వక అంగీకారం తీసుకోవాలి. ఫేస్‌బుక్‌లో దొరికిన ఫొటో దొరికినంత మాత్రాన మీది కాదు.

ఏ ఫలితాలు చూపించాలో ఎంచేటప్పుడు మనసు జారుతుంది. బాగా వచ్చినవే ఏరుకోవాలనిపిస్తుంది. 40 దృశ్యాలను ముందే ఖరారు చేసి, ప్రోగ్రాం ఏది ఇస్తే అదే వాడండి. ముఖం దొరక్క ప్రోగ్రాం ఆగిపోయినవి ఎన్నో విడిగా చెప్పండి. ఇక ఫైలు పేర్లు. `fake_012.jpg` అన్న పేరు ఫారంలో కనబడిపోయిన అధ్యయనానికి ఎంత గొప్ప గణితమూ సాయం చేయలేదు.

## ఎవరికి ఏది చూపించాలి

ఒకే దృశ్యం అసలు రూపమూ, మార్చిన రూపమూ ఒకే చూపరికి కనబడకూడదు. రెండోసారి చూసేసరికి ‘ఈ చీరావిడ ముఖం ఇందాక వేరేగా ఉందే’ అని తట్టేస్తుంది. అలాగని అసలు ఫొటోలకు కొన్ని దృశ్యాలు, నకిలీలకు ఇంకొన్ని అని శాశ్వతంగా విడగొడితే, ఆ దృశ్యాల తేడాయే ఫలితంలా కనిపిస్తుంది. నకిలీలన్నీ నేరుగా కెమెరా వైపు చూస్తున్నవీ, అసలువన్నీ కళ్లజోళ్లతో పక్కకు తిరిగినవీ అయితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

పరిష్కారం, దృశ్యాలను చూపరుల మధ్య తిప్పడం. దృశ్యాలకు 0 నుంచి 39, చూపరులకు 0 నుంచి 23 అంకెలు ఇస్తే ఒక్క వాక్యం సరిపోతుంది:

```
version = ["R", "A", "R", "B"][(scene + viewer) % 4]
```

R అసలు, A పాతది, B కొత్తది. ప్రతి చూపరికీ 20 అసలువి, పాతదాని ఫలితాలు 10, కొత్తదాని ఫలితాలు 10 వస్తాయి. ప్రతి దృశ్యాన్నీ 12 మంది అసలు రూపంలో, ఆరుగురు పాతదాని చేతుల్లో, ఆరుగురు కొత్తదాని చేతుల్లో చూస్తారు. చూపించే వరుసను ఒక్కొక్కరికీ కలపాలి. గూగుల్ ఫారంతో చేసేవాళ్లు ఇలాంటి నాలుగు జాబితాలకు నాలుగు ఫారాలు తయారుచేసుకోవచ్చు. కాకపోతే అన్ని ఫొటోలూ ఒకే పేజీలో ఉంటే చూపరి పైకీ కిందికీ వెళ్లి పోల్చుకుంటాడు, జవాబులు దిద్దుకుంటాడు. చూసే సమయాన్నీ అదుపు చేయలేరు. సమయం ముఖ్యమైతే సైకోపై, జేఎస్‌సైక్ లాంటి ఉచిత సాధనాలకు వెళ్లాల్సిందే. ఫొటోలను వాట్సాప్‌లో మామూలుగా పంపడం మాత్రం వద్దు. అది మళ్లీ కుదిస్తుంది.

ఎంతసేపు చూపించాలి? పైన చెప్పిన 2019 అధ్యయనంలో 2, 4, 6 సెకన్లలో ఒకటి వాడారు. సమయం పరిమితం చేస్తే ఫోనులో వేలితో తోసుకుంటూ పోయేవాడిని పోలుతుంది. పరిమితి తీసేస్తే ఫొటోను పెద్దది చేసి చెవి అంచు చూసే జాగ్రత్తపరుడిని పోలుతుంది. రెండూ న్యాయమైన ప్రశ్నలే, ఒకటి ఎంచుకుని అదే రాయండి. ఫోనులో చూశారో ల్యాప్‌టాప్‌లో చూశారో తప్పక నమోదు చేయండి. అరచేతి తెర మీద ‘అసలు’ అనిపించింది పదిహేను అంగుళాల తెర మీద నిలబడకపోవచ్చు.

మధ్యలో సరైన జవాబులు చెప్పకండి. 2022లో నైటింగేల్, ఫరీద్ చేసిన అధ్యయనంలో, పూర్తిగా కంప్యూటర్ సృష్టించిన ముఖాలను గుర్తించడంలో చూపరుల సగటు 48 శాతం. కొద్దిపాటి శిక్షణ ఇచ్చి, ప్రతి జవాబు తర్వాత తప్పొప్పులు చెప్పిన మరో బృందంలో అది 59కి చేరింది. అవి ముఖం మార్చిన ఫొటోలు కావు గానీ, జవాబులు చెబితే మీ చూపరులు కూడా అధ్యయనం చివరికి వేరే మనుషులైపోతారు.

## మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

ప్రాజెక్టు విద్యార్థి అయితే నాలుగు బటన్ల పద్ధతి, పై నలభై దృశ్యాల తిప్పుడు జాబితా తీసుకోండి. 24 మంది దొరక్కపోతే చూపరులను తగ్గించండి, దృశ్యాలను మాత్రం తగ్గించకండి. పది దృశ్యాలతో వంద మందిని అడిగినా, తేలేది ఆ పది ఫొటోల గురించే. మీ ల్యాబులో ఇదే పని చేస్తున్న మిత్రులను లెక్కలో కలపకండి. వాళ్ల కళ్లు నేరుగా దవడ అంచుకే వెళ్తాయి.

ప్రోగ్రాంను వారం వారం మెరుగుపరిచే డెవలపర్ అయితే జంటల పద్ధతి పెట్టుకోండి. పాత వెర్షన్, కొత్త వెర్షన్, ఒకే దృశ్యం. పది మంది చాలు, అరగంటలో తేలిపోతుంది. మూడు నాలుగు వెర్షన్లకోసారి మాత్రం ఒక్కో ఫొటో పద్ధతితో పరీక్షించుకోండి. లేదంటే నిరుటి కంటే మెరుగవుతూ, ఎవరూ నమ్మని చిత్రాల దగ్గరే తిరుగుతూ ఉండిపోవచ్చు.

నకిలీ ఫొటోలను పాఠకులు నమ్ముతారా అని తెలుసుకోవాలనుకునే విలేకరి, ఉపాధ్యాయుడు లాంటివాళ్లకు ఈ మూడూ పూర్తిగా సరిపోవు. ‘అసలా, నకిలీయా’ అని అడిగిన క్షణమే చూపరి అప్రమత్తుడవుతాడు, నిజజీవితంలో అలా ఎవరూ అడగరు. వాళ్లు మొదట ఫొటో గురించి మామూలు ప్రశ్న వేయాలి, ఇది ఏ సందర్భం అనిపిస్తోంది లాంటిది. ఆ తర్వాత ‘ఫొటోలో ఏమైనా వింతగా అనిపించిందా’ అని అడగాలి. ఒక్కో చూపరి దగ్గర ఈ అవకాశం ఒక్కసారే ఉంటుంది, రెండో ఫొటోకే రహస్యం బయటపడుతుంది. అందుకే దీనికి మనుషులు ఎక్కువమంది కావాలి. చివర్లో ఏవి నకిలీవో అందరికీ చెప్పేయాలి.

## లెక్క, దాని హద్దు

ఒక చూపరి పది నకిలీలనూ పట్టేస్తే వాటా 1 అవుతుంది, z అనంతానికి పోతుంది. ప్రతి లెక్కకూ అర కలిపి, మొత్తానికి ఒకటి కలిపితే ఆ ఇబ్బంది తీరుతుంది:

```
from statistics import NormalDist
z = NormalDist().inv_cdf
d = z((hits + 0.5)/(n_fake + 1)) - z((false_alarms + 0.5)/(n_real + 1))
```

కొత్తదాని మీద 240 తీర్పుల్లో 55 శాతం నకిలీ అన్నారు. ఆ 240 ఒకదానితో ఒకటి సంబంధం లేనివైతే, అసలు విలువ సుమారు 49 నుంచి 61 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. కానీ అవి సంబంధం లేనివి కావు. అనుమానప్పక్షి ఇచ్చిన పది తీర్పులూ ఒకే మనిషివి, పాడైన ఫొటో మీది ఆరు తీర్పులూ ఒకే ఫొటోవి. నిజమైన వెడల్పు ఇంకా ఎక్కువ. తేలికైన దారి, చూపరుల జాబితా నుంచి 24 మందిని, దృశ్యాల జాబితా నుంచి నలభైని, తీసినదాన్నే మళ్లీ తీయనిస్తూ యాదృచ్ఛికంగా ఎంచి d′ లెక్కించడం. దీన్ని రెండు వేల సార్లు చేసి, వచ్చిన విలువల్లో మధ్యలోని 95 శాతం ఏ హద్దుల్లో ఉందో రాయాలి. పాతదానికీ కొత్తదానికీ తేడాను కూడా ప్రతిసారీ ఇలాగే లెక్కించి, ఆ హద్దుల్లో సున్నా ఉందో లేదో చూడాలి.

చూపరులు చివరి బటన్ నొక్కాక ఒకే ప్రశ్న అడగండి: ‘నకిలీ అని దేన్ని బట్టి చెప్పారు?’ కంటి దగ్గర గీత, జుట్టు అంచు, రెండు చెంపల రంగు అంటే మీ కొలత ముఖం గురించే. ‘ఫొటో మసకగా ఉంటే నకిలీ అన్నాను’, ‘నీలం గోడ ముందు తీసినవన్నీ నకిలీలే కదా’ అని నలుగురు రాస్తే, d′ ఎంత అందంగా వచ్చినా ఫొటోల తయారీ దగ్గరికి వెనక్కి వెళ్లాలి.

d′ సున్నాకు దగ్గరగా వచ్చినప్పుడు ‘మనుషులు తేడా గుర్తించలేరు’ అని రాయాలన్న ఆశ పుడుతుంది. 24 మందితో అది రుజువు కాదు. విలువ 0.1, హద్దులు −0.2 నుంచి 0.4 అనుకుంటే, ‘ఈ ఫొటోల్లో, ఈ తెరల మీద, ఇన్ని సెకన్లు చూసినప్పుడు d′ 0.4 కంటే ఎక్కువ ఉండే అవకాశం తక్కువ’ అనడం వరకే మీ డేటా అనుమతిస్తుంది. ఆ 0.4 అంటే జంటల్లో పెడితే నూటికి 61 సరైన జవాబులు. అది మీ పనికి చాలునా లేదా అన్నది అధ్యయనం మొదలుపెట్టక ముందే కాగితం మీద రాసి, గైడుతో సంతకం పెట్టించుకోవడం మంచిది.